ఎనిమిది మార్కుల వెనక ఒక రిజిస్టరు

ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ దగ్గర, ఆర్ట్స్ కాలేజీ ముందున్న చెట్ల కింద, తార్నాక వీధుల్లోని హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉంటే ఎన్ని మార్కులు కలుస్తయి?" అడిగినవాళ్లకు పది మంది పది జవాబులు చెబుతారు. ఒకరు అయిదు మార్కులంటారు, ఒకరు పదిహేనంటారు, ఇంకొకరు "మార్కులేం కలవవు, కోటా ఉంటది" అంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో పరీక్షను మనసులో పెట్టుకుని చెబుతున్నారు. అందుకే ఈ ప్రసంగంలో నేను ఒకే ఒక్క పరీక్షను తీసుకుని, సర్టిఫికెట్ చేతికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మార్కులు తుది జాబితాలో కలిసేదాకా ఏం జరుగుతుందో చెబుతాను. ఆ తర్వాత, మార్కులు కలపని కోటాల సంగతి కొంత చెబుతాను.

నేను తీసుకుంటున్నది కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష. పిల్లలు దాన్ని జీడీ అని పిలుస్తారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాలన్నిటికీ కలిపి ఒకటే పరీక్ష. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన పరీక్ష నుంచి దాన్ని తెలుగులో కూడా రాయనిస్తున్నారు. హిందీ, ఇంగ్లీషులకు తోడు 13 ప్రాంతీయ భాషలను చేర్చారు, వాటిలో తెలుగు ఒకటి. ఆ మార్పు వచ్చాక మన పల్లెల నుంచి వచ్చి తార్నాకలో గది తీసుకున్న పిల్లలకు ఈ పరీక్ష మరింత దగ్గరైంది. తెల్లవారుజామున క్యాంపస్ రోడ్ల మీద పరుగు తీసేవాళ్లలో ఈ పరీక్ష కోసం సిద్ధమయ్యేవాళ్లు ఎందరో ఉంటారు. మగపిల్లలు 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో, ఆడపిల్లలు 1.6 కిలోమీటర్లను ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. ఆ పరుగుకు మార్కులుండవు, గట్టెక్కితే చాలు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేల్చేది కంప్యూటర్ మీద రాసే పరీక్షే.

ఆ పరీక్షలో 80 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, మొత్తం 160. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఎన్‌సీసీ ఉన్నవాళ్లకు అదనపు మార్కుల గురించి నోటిఫికేషన్‌లో ఉండేది చిన్న పేరా. సి సర్టిఫికెట్‌కు పరీక్ష గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, బి సర్టిఫికెట్‌కు 3 శాతం, ఎ సర్టిఫికెట్‌కు 2 శాతం.

ఇక్కడ "గరిష్ఠ మార్కుల్లో" అన్న మాట దగ్గర చాలామంది పొరపాటు పడతారు. తమకు వచ్చిన మార్కుల్లో 5 శాతం అనుకుంటారు. అలా అనుకుంటే 110 మార్కులు వచ్చినవాడికి అయిదున్నర, 60 వచ్చినవాడికి 3 కలవాలి. నిజానికి లెక్క అది కాదు. 160లో 5 శాతం 8. పరీక్ష బాగా రాసినా, అంతంతమాత్రంగా రాసినా సి సర్టిఫికెట్ ఉన్నవారందరికీ కలిసేది అవే 8 మార్కులు. బి సర్టిఫికెట్‌కు 4.8, ఎ సర్టిఫికెట్‌కు 3.2. మూడూ ఉన్నాయని మూడూ కలిపి 16 వేయరు, అన్నిటికన్నా పై సర్టిఫికెట్ ఒక్కటే లెక్కకు వస్తుంది. 8 మార్కులంటే నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు. లక్షల మంది రాసే పరీక్షలో, కటాఫ్ దగ్గర పాయింటు తేడాతో వేల మంది నిలబడి ఉండే చోట, నాలుగు ప్రశ్నలు అంటే ఉద్యోగానికీ ఇంటికీ మధ్య ఉన్న దూరం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నేను అల్లుకున్న లెక్కే కానీ పద్ధతి మాత్రం అసలైనదే. తార్నాకలో ఉండి చదువుకునే ఒక అబ్బాయి అనుకుందాం. ఉస్మానియా పరిధిలోని ఒక డిగ్రీ కాలేజీలో మూడేళ్లు ఎన్‌సీసీ చేశాడు. జీడీ పరీక్షలో 58 ప్రశ్నలకు సరైన జవాబులు రాశాడు, 16 తప్పు రాశాడు, 6 వదిలేశాడు. 58 రెండ్లు 116. పదహారు పావులు 4, అవి తీసేస్తే 112. ఇవి అతని అసలు మార్కులు.

కానీ ఈ పరీక్ష ఒక్క రోజులో అయిపోదు. వారాల తరబడి, రోజుకు కొన్ని షిఫ్టులుగా సాగుతుంది. ఒక షిఫ్టు పేపరు తేలిగ్గా ఉండొచ్చు, ఇంకో షిఫ్టుది కఠినంగా ఉండొచ్చు. అందుకని కమిషన్ అందరి మార్కులనూ ఒకే కొలతకు తెస్తుంది. దాన్నే నార్మలైజేషన్ అంటారు. మన అబ్బాయి షిఫ్టు కాస్త తేలికైనది అనుకుందాం. 112 కాస్తా 109.4 అయింది. ఇప్పుడు, ఈ 109.4కు 8 కలుపుతారు. మొత్తం 117.4.

ఈ వరస ఎందుకు ముఖ్యమో గమనించండి. ముందు 8 కలిపి, ఆ తర్వాత నార్మలైజేషన్ చేస్తే ఏమవుతుంది? తేలిక షిఫ్టులో రాసినవాడి 8 మార్కులు కూడా కుంచించుకుపోతాయి, కఠిన షిఫ్టులో రాసినవాడి 8 మార్కులు సాగుతాయి. ఒకే సర్టిఫికెట్‌కు ఒకరికి ఏడున్నర, ఇంకొకరికి ఎనిమిదిన్నర దక్కే పరిస్థితి వస్తుంది. పేపరు కష్టసుఖాలకూ ఎన్‌సీసీ శిక్షణకూ సంబంధం లేదు కదా. అందుకే పేపరుకు చెందిన సర్దుబాటు పేపరు మార్కుల మీదే ముగించి, సర్టిఫికెట్ మార్కులను చివర్లో కలుపుతారు. అన్ని పరీక్షల్లోనూ ఇంత శుభ్రంగా ఉండదు. ఏ నోటిఫికేషన్ చదివినా అదనపు మార్కులు ఏ దశలో కలుపుతారన్న వాక్యం కోసం వెతకమని నేను పిల్లలకు చెప్పేది అందుకే.

ఇప్పుడు కటాఫ్ 115 అనుకోండి. సి సర్టిఫికెట్‌తో 117.4 ఉన్న మన అబ్బాయి లోపలికి వస్తాడు. బి మాత్రమే ఉంటే 114.2 దగ్గర ఆగిపోతాడు. ఏదీ లేకపోతే 109.4. కమిషన్ ఈ మార్కులను తుది జాబితాలోనే కాదు, పరుగుకు పిలిచే జాబితా తయారు చేసేటప్పుడు కూడా కలుపుతుంది. అప్పటికి సర్టిఫికెట్‌ను ఇంకా ఎవరూ చూసి ఉండరు. దరఖాస్తులో అతను టిక్కు పెట్టిన దాన్ని నమ్మి కలుపుతారు. అసలు పత్రాన్ని చేతిలోకి తీసుకుని చూసేది ఆ తర్వాత చాలా రోజులకు, సర్టిఫికెట్ల పరిశీలనలో. అక్కడ అది నిలబడకపోతే 8 మార్కులూ వెనక్కి పోతాయి, 117.4 మళ్లీ 109.4 అవుతుంది, అన్ని రోజుల పరుగూ ఎదురుచూపూ నేలపాలవుతాయి. ఈ వరసలో నాకు నచ్చని విషయం ఇదొక్కటే. పరుగు కంటే ముందే, కనీసం కాగితం నకలునైనా చూసి, లోపం ఉంటే చెప్పే ఏర్పాటు ఉండాలి. లోపం దిద్దుకోవడానికి పిల్లవాడికి సమయం దొరుకుతుంది, దొంగ కాగితం తెచ్చినవాడు ఇంకొకరి చోటును నెలల తరబడి ఆక్రమించుకుని కూర్చోకుండానూ ఉంటుంది.

ఆ పరిశీలనలో ఏం చూస్తారో చెప్పాలంటే సర్టిఫికెట్ ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. 1948లో చేసిన చట్టం కింద నడుస్తున్న సంస్థ ఎన్‌సీసీ. బడి పిల్లలది జూనియర్ విభాగం, కాలేజీ పిల్లలది సీనియర్ విభాగం. ఎ సర్టిఫికెట్ బడిలో వచ్చేది. కాలేజీలో రెండేళ్లు చేస్తే బి, మూడో ఏడు కూడా చేస్తే సి. ప్రతి ఏడూ పరేడ్లలో కనీసం 75 శాతం హాజరు ఉండాలి. దాదాపు పది రోజుల శిబిరాలకు వెళ్లి ఉండాలి. ఆ తర్వాతే రాత పరీక్షకూ, డ్రిల్లు, ఆయుధ శిక్షణ, మ్యాపు చదవడం లాంటి వాటి పరీక్షకూ కూర్చోనిస్తారు. ఎ సర్టిఫికెట్ మీద యూనిట్ కమాండింగ్ ఆఫీసరు, బి మీద గ్రూప్ కమాండరు, సి మీద డైరెక్టరేట్ అధిపతి అయిన డిప్యూటీ డైరెక్టర్ జనరల్ సంతకం చేస్తారు. రాష్ట్రం రెండైనా మనకు డైరెక్టరేట్ మాత్రం ఒకటే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి అది సికింద్రాబాద్‌లో ఉంది.

సి సర్టిఫికెట్ మీద కేడెట్ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, యూనిట్ పేరు, కాలేజీ, పరీక్ష జరిగిన సంవత్సరం, గ్రేడు ఉంటాయి. వీటన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది కేడెట్ నమోదు నంబరు. ఎన్‌సీసీలో చేరిన రోజు ఇచ్చిన నంబరు అది. అందులో రాష్ట్రాన్ని సూచించే అక్షరాలుంటాయి, చేరిన సంవత్సరం ఉంటుంది, సీనియర్ విభాగమా, బాలికల విభాగమా, ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా అన్న గుర్తులుంటాయి, చివర వరస సంఖ్య. తెలిసిన అధికారి ఆ నంబరును చూసి కాగితంలో మిగతాదంతా దానితో సరిపోతుందో లేదో చెప్పగలడు. 2021లో చేరినట్టు నంబరులో ఉండి, సి పరీక్ష 2022లో పాసైనట్టు రాసి ఉంటే అక్కడ ఆగాలి. మూడేళ్ల శిక్షణ ఒక్క ఏడాదిలో ఎలా పూర్తయింది? అబ్బాయి సర్టిఫికెట్ మీద బాలికల విభాగం గుర్తు ఉంటే ఆగాలి. నేవీ గుర్తు ఉండి, యూనిట్ పేరు ఆర్మీ బెటాలియన్‌ది అయితే ఆగాలి. ఆగడమంటే వెంటనే దొంగ అనడం కాదు. బడిలో ఎ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కాలేజీలో కొంత వెసులుబాటు ఉంటుంది, గుమస్తా చేతిలో అంకె తారుమారు కావడమూ ఉంటుంది. అలాంటప్పుడు కాగితాన్ని చూసి తేల్చకూడదు, కాగితం ఏ యూనిట్ నుంచి వచ్చిందో ఆ యూనిట్‌కు ఉత్తరం రాయాలి.

అసలు పరిశీలన అంటే ఇదే. సర్టిఫికెట్‌కు వెనక యూనిట్ కార్యాలయంలో ఒక రిజిస్టరు ఉంటుంది. కేడెట్‌గా చేర్చుకున్న జాబితా, పరేడ్ల హాజరు, శిబిరానికి వెళ్లినవారి జాబితా, పరీక్షకు అనుమతించిన జాబితా, ఫలితాల జాబితా, ఇవన్నీ వేర్వేరు కాగితాలు, వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు చేతులు రాసినవి. దొంగ సర్టిఫికెట్‌ను మంచి ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చు వేయించవచ్చు, సంతకం గీయించవచ్చు. కానీ మూడేళ్ల క్రితం జరిగిన శిబిరంలో భోజనాల లెక్కలో పేరు దూర్చడం ఎవరి తరమూ కాదు. నియామక సంస్థ రాసిన ఉత్తరానికి యూనిట్ తన రిజిస్టరు చూసి, ఈ నంబరుతో, ఈ పేరుతో, ఈ ఏడు మేము సర్టిఫికెట్ ఇచ్చాం, లేదా ఇవ్వలేదు అని జవాబు రాస్తుంది. ఆ జవాబుతోనే సంగతి తేలుతుంది.

అయితే మన దగ్గర దొంగ కాగితాల వల్ల పోయే మార్కులకన్నా, నిజమైన కాగితాల్లోని పేర్ల వల్ల వచ్చే చిక్కే ఎక్కువ మందిని బాధపెడుతుంది. తెలుగువాళ్లకు ఇంటి పేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో అది పూర్తిగా రాసి ఉంటుంది. కాలేజీలో ఎన్‌సీసీ చేరిక ఫారం నింపేటప్పుడు పిల్లవాడు అలవాటుగా ఒక్క అక్షరం రాసి చుక్క పెడతాడు. ఇంకొకడు ఇంటి పేరును చివర రాస్తాడు. తండ్రి పేరు ఒక చోట వెంకటయ్య, ఇంకో చోట వెంకటేశ్ అవుతుంది. ఆడపిల్ల విషయంలో పెళ్లయ్యాక ఇంటి పేరు మారుతుంది. ఆ ఫారంలో ఏం రాస్తే మూడేళ్ల తర్వాత సర్టిఫికెట్ మీద అదే అచ్చవుతుంది. పరిశీలన బల్ల ముందు కూర్చున్న అధికారి ఉత్తరాది వాడు కావచ్చు, మన ఇంటి పేర్ల సంగతి అతనికి తెలియదు. అతను చేతిలోని రెండు కాగితాలనూ అక్షరం అక్షరం పోల్చి, కలవలేదని పక్కన పెడితే తప్పు పట్టలేం.

దీనికి మందు పరిశీలన బల్ల దగ్గర దొరకదు. అక్కడ ఎంత వాదించినా, అఫిడవిట్ చూపించినా, సర్టిఫికెట్ మీది పేరు దిద్దే అధికారం ఆ అధికారికి లేదు. దిద్దవలసింది ఇచ్చినవాళ్లే. కాలేజీలో ఎన్‌సీసీ చూసే అధ్యాపకుడిని ఏఎన్‌ఓ అంటారు. ఆయన ద్వారా, పదో తరగతి మెమో జతచేసి యూనిట్‌కు దరఖాస్తు పెట్టాలి. సి సర్టిఫికెట్ అయితే అది యూనిట్ నుంచి గ్రూపుకు, గ్రూపు నుంచి డైరెక్టరేట్‌కు వెళ్లి రావాలి. నెలలు పడుతుంది. ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజే మెమో పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి. ఇంకా మంచిది, చేరిక ఫారం నింపే రోజే మెమో ఎదురుగా పెట్టుకుని రాయడం.

ఇక కోటాల సంగతి. "మార్కులేం కలవవు, కోటా ఉంటది" అన్న మాటా నిజమే అన్నాను. ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో సీటు కావాలనుకున్న పిల్లను తీసుకోండి. ఆమె ఎంసెట్, ఇప్పటి ఎప్‌సెట్ రాయాలి. అక్కడ ఎన్‌సీసీకి గానీ క్రీడలకు గానీ ఒక్క మార్కు కూడా కలవదు. ర్యాంకు కార్డు మీద ర్యాంకు మారదు. దాని బదులు కొన్ని సీట్లు పక్కన పెడతారు. ఎన్‌సీసీకి 1 శాతం, క్రీడలకు అర శాతం, సైనికుల పిల్లలకు 2 శాతం. మామూలు సర్టిఫికెట్ల పరిశీలన ఏ కేంద్రంలోనైనా జరుగుతుంది కానీ, ఈ ప్రత్యేక కోటాల వాళ్లు మాసబ్ ట్యాంక్‌లోని పాలిటెక్నిక్ ఆవరణకు వెళ్లాలి. ఎందుకంటే అక్కడికి ఎన్‌సీసీ అధికారులు, క్రీడా శాఖ వాళ్లు వచ్చి కూర్చుంటారు. తమ తమ కాగితాలను తామే చూస్తారు.

అక్కడ జరిగేది కూడిక కాదు, వరస పెట్టడం. ఏ స్థాయి శిబిరంలో, ఏ స్థాయి పోటీలో పాల్గొన్నారన్న దాన్నిబట్టి ప్రాధాన్యాల పట్టిక ఒకటి ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది. ముందు ఆ ప్రాధాన్యం చూస్తారు, ఒకే ప్రాధాన్యంలో ఇద్దరుంటే అప్పుడు ఎప్‌సెట్ ర్యాంకు చూస్తారు. అంటే ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ శిబిరానికి ఎంపికైన కేడెట్ ర్యాంకు ముప్పై వేలైనా, మామూలు సర్టిఫికెట్ మాత్రమే ఉండి నాలుగు వేల ర్యాంకు వచ్చిన కేడెట్ కన్నా ముందు నిలబడవచ్చు. మార్కులు కలిపే పద్ధతిలో ఇది జరగదు. అక్కడ శిబిరం ఏదైనా ఎనిమిది ఎనిమిదే. రెండింటికీ లెక్క వేరు, ఉద్దేశమూ వేరు. జీడీ పరీక్ష శిక్షణకు చిన్న ప్రోత్సాహం ఇస్తుంది, కోటా అందులో ఎవరు పైకెక్కారో చూసి వాళ్లకు చోటిస్తుంది.

ఇంకో సంగతి కూడా పిల్లలకు తెలియాలి. ఇలాంటి కోటాలు కులాల వారీ రిజర్వేషన్లకు పక్కన ఇంకో పెట్టెగా ఉండవు, వాటికి అడ్డంగా సాగుతాయి. 2007లో రాజేశ్ కుమార్ డారియా కేసులో సుప్రీంకోర్టు దీని పద్ధతిని విడమరిచి చెప్పింది. ఆ కేసు మహిళల కోటాది. ముందు ఆ వర్గానికి చెందిన జాబితాను మెరిట్ ప్రకారం నింపాలి. నింపాక అందులో ఆ ప్రత్యేక కోటా వాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టాలి. కావలసినంత మంది ఇప్పటికే ఉంటే ఇక ఎవర్నీ కదపనక్కర్లేదు. తగ్గితేనే, ఆ వర్గం జాబితా అడుగునున్న వాళ్లను తప్పించి కోటా వాళ్లను ఎక్కించాలి. కనుక కోటా సర్టిఫికెట్ ఉన్నవాడు మెరిట్‌లోనే వస్తే అతన్ని కోటాలో లెక్కపెడతారు, అదనంగా ఇంకొకరికి సీటు పుట్టదు. "నాకు కోటా ఉండగా నాకన్నా తక్కువవాడికి ఎందుకు వచ్చింది" అన్న గొడవలు సగం ఇక్కడే తేలిపోతాయి.

క్రీడల కాగితాల పరిశీలన ఎన్‌సీసీ కన్నా చాలా కష్టం. కారణం, ఎన్‌సీసీకి తల్లి సంస్థ ఒకటే. ఆటలకు ఆటకొక సంఘం, సంఘానికొక రాష్ట్ర శాఖ, ఒక్కోసారి ఒకే ఆటకు పోటీపడే రెండు సంఘాలు. తెలంగాణలో ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 74 దానికి మూలం. కాగితాలు ఎల్బీ స్టేడియంలోని క్రీడా ప్రాధికార సంస్థ వాళ్లు చూస్తారు. ఆడిన స్థాయినిబట్టి నాలుగు ఫారాలు. దేశానికి ఆడినవాళ్లకు ఒకటో ఫారం, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవాళ్లకు రెండు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడినవాళ్లకు మూడు, జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవాళ్లకు నాలుగు.

ఉస్మానియా పిల్లలు చిక్కుకునేది ఈ మూడో ఫారం దగ్గరే. ఉస్మానియా పరిధిలోని కాలేజీల మధ్య ఏటా అంతర్ కళాశాల పోటీలు జరుగుతాయి. పిల్లలు వాటిని ఐసీటీ అంటారు. అందులో మొదటి బహుమతి వచ్చింది కదా అని సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మంచి సర్టిఫికెట్టే, కానీ మూడో ఫారం దానికి రాదు. ఐసీటీలో ఆడిన ఆట చూసి యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేస్తారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం పర్యవేక్షించే దక్షిణ మండల పోటీలకో, అఖిల భారత పోటీలకో వెళ్లి ఆడాలి. అలా ఆడినవాళ్లకే యూనివర్సిటీ క్రీడా అధికారి మూడో ఫారం మీద సంతకం చేయాలి. అంటే తన కాలేజీకి ఆడటం వేరు, ఉస్మానియాకు ఆడటం వేరు.

ఇక్కడ కూడా నిజం తేలేది వెనకనున్న కాగితాల్లోనే. జట్టు బయలుదేరే ముందు యూనివర్సిటీ పంపిన ఆటగాళ్ల అర్హత జాబితా ఉంటుంది. పోటీ నిర్వహించిన యూనివర్సిటీ దగ్గర స్కోరు షీట్లుంటాయి. ఫారంలో పేరు ఉండి జాబితాలో లేకపోతే, జట్టులో ఉండగలిగినంత మందికన్నా ఫారాలు ఎక్కువ బయటికొస్తే, కుస్తీలో అతను ఆడానన్న బరువు విభాగానికీ అతని పాత రికార్డుకూ పొంతన లేకపోతే, పోటీ జరిగిన రోజునే అదే పిల్లవాడు హైదరాబాద్‌లో సెమిస్టర్ పరీక్ష రాసినట్టు హాజరు ఉంటే, అనుమానం బలపడుతుంది. సంఘాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పోటీ జరిగిన తేదీన ఆ సంఘానికి గుర్తింపు ఉందా లేదా అన్నది చూడాలి. ఈ రోజు గుర్తింపు ఉంది కదా అంటే సరిపోదు. గుర్తింపు రద్దయిన కాలంలో నిజాయితీగా చెమటోడ్చి ఆడిన పిల్లలు, తమ తప్పు ఏమీ లేకుండానే, ఈ నిబంధన కింద నష్టపోతారు. ఆ బాధ నేను దగ్గర్నుంచి చూశాను. సంఘాల పెద్దల కొట్లాటకు పిల్లల సర్టిఫికెట్లు బలికాకూడదు, ఆ కాలానికి యూనివర్సిటీయో క్రీడా శాఖో స్వయంగా పోటీని ధ్రువీకరించే దారి ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మళ్లీ ఎన్‌సీసీ దగ్గరికి వస్తే, ఆ 8 మార్కుల గురించి ఇంకో మాట చెప్పాలి. ఎన్‌సీసీ అన్ని కాలేజీల్లోనూ లేదు. ఉన్నచోట కూడా ఇన్ని స్థానాలని లెక్క ఉంటుంది. మొదటి ఏడాదిలో చేరకపోతే సి సర్టిఫికెట్‌కు కావలసిన మూడేళ్లు నిండవు. జిల్లాల్లో ఎన్‌సీసీ లేని కాలేజీలో డిగ్రీ చదివి, తర్వాత తార్నాకకు వచ్చి గది తీసుకున్న అమ్మాయికి ఇప్పుడు ఎంత కష్టపడినా ఆ 8 మార్కులు రావు. ఆమె నాలుగు ప్రశ్నలు వెనకబడి పరుగు మొదలుపెడుతుంది. ప్రోత్సాహాన్ని తీసేయమని నేను అనను. తెల్లవారకముందే లేచి మూడేళ్లు పరేడ్ చేసినవాళ్లకు అది దక్కాలి. కానీ ఏ మార్కునైనా కొందరికే ఇస్తున్నప్పుడు, ఆ కొందరిలో చేరే తలుపు అందరికీ తెరిచి ఉందో లేదో చూసే బాధ్యత ఆ మార్కు ఇచ్చేవాళ్లదే. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలన్నిటిలో, ముఖ్యంగా ఆడపిల్లల కాలేజీల్లో, ఎన్‌సీసీ యూనిట్లు పెట్టడం ఈ మార్కుల న్యాయానికి మొదటి షరతు.

చివరగా, ఈ ఏడు మూడో సంవత్సరంలో ఉన్న కేడెట్లకు ఒక సూచన. బి, సి పరీక్షలు మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో జరుగుతాయి. ఫలితం, ఆ తర్వాత సర్టిఫికెట్, చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఉద్యోగ నోటిఫికేషన్ రావొచ్చు. దరఖాస్తుకు చివరి తేదీ నాటికి మీ చేతిలో ఏ సర్టిఫికెట్ ఉందో అదే మీది. పరీక్ష రాశాను, పాసవుతాను, పరిశీలన నాటికి వచ్చేస్తుంది అనుకుని సి దగ్గర టిక్కు పెట్టకండి. సర్టిఫికెట్ మీది తేదీ చివరి తేదీ తర్వాతది అయితే పరిశీలనలో 8 మార్కులూ పోతాయి, మీరు అడగలేదు కాబట్టి బి కింద రావలసిన 4.8 కూడా దక్కకపోవచ్చు. బి సర్టిఫికెట్ చేతిలో ఉంటే బి అనే రాయండి. దాని నంబరు, తేదీ సర్టిఫికెట్ చూసి రాయండి, గుర్తుంది కదా అని రాయకండి. సి వచ్చాక, తర్వాతి నోటిఫికేషన్‌కు సి అని రాయండి.